హాస్టల్‌కి వెళ్తున్న మా అమ్మాయికి ల్యాప్‌టాప్, ఫోన్ బ్యాటరీల గురించి రాసిన ఉత్తరం: తప్పులుంటే చెప్పండి

ఒంగోలు బ్యాటరీ షాపు | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒంగోలులో ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మి, రిపేర్లు చేసే షాపు నాది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మా అమ్మాయికి వరంగల్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. వచ్చే ఆదివారం హాస్టల్లో దింపి రావాలి. బట్టలూ పచ్చళ్ళూ వాళ్ళమ్మ చూసుకుంటోంది. నేను మాత్రం తన ల్యాప్‌టాప్, ఫోన్ బ్యాటరీల గురించి ఒక ఉత్తరం రాసి పెట్టెలో పెడదామనుకున్నాను. నోటితో చెబితే ఈ హడావుడిలో గుర్తుండదు.

నాకు బాగా తెలిసింది లెడ్ యాసిడ్ బ్యాటరీ. లిథియం గురించి గత మూడు నాలుగేళ్ళలో నేర్చుకున్నదే. ఈ రెండింటి స్వభావాలు వేరు కాబట్టి ఎక్కడైనా పాత అలవాటుతో తప్పు రాశానేమో చూడండి. ఉత్తరం ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

---

చిన్నితల్లీ,

షాపుకొచ్చిన వాళ్ళందరికీ "బ్యాటరీని ఎప్పుడూ ఫుల్‌గా ఉంచండి, ఖాళీగా వదిలేయకండి" అని నేను చెప్పడం నువ్వు చిన్నప్పట్నుంచీ విన్నావు. అది ఇన్వర్టర్ బ్యాటరీకి సంబంధించిన మాట. దాన్ని డిశ్చార్జి అయిన స్థితిలో వదిలేస్తే ప్లేట్ల మీద తెల్లగా సల్ఫేటు గట్టిపడిపోతుంది, మళ్ళీ చార్జి ఎక్కదు. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది లిథియం. దానికి ఖాళీగా పడి ఉండటమూ మంచిది కాదు, నిండుగా పడి ఉండటమూ మంచిది కాదు. నిండుగా ఉండి, దానికి తోడు వేడి కూడా తగిలితే అన్నిటికంటే తొందరగా పాడవుతుంది.

మీ బావ ల్యాప్‌టాప్ గుర్తుందా? పోయిన ఎండాకాలం మన షాపుకి తెచ్చాడు. టచ్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ పడటం లేదు, మార్పించాలి మామయ్యా అన్నాడు. బల్ల మీద పెడితే ఒక మూల లేచి ఊగుతోంది. నాకు అనుమానమొచ్చి అడుగు మూత విప్పి చూశాను. బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. అది పైకి తన్నడంతో టచ్‌ప్యాడ్ బిగుసుకుపోయింది, అంతేగానీ టచ్‌ప్యాడ్‌లో ఏ లోపమూ లేదు. రెండేళ్ళపాటు చార్జరు తీయకుండా, పరుపు మీద పెట్టుకుని వాడాడు. పరుపు కింద గాలి దారులన్నీ మూసుకుపోతాయి. లోపలి వేడి బయటికి పోదు, పైగా బ్యాటరీ పగలూ రాత్రీ వంద శాతం మీదే ఉండిపోతుంది. అలా ఉన్నప్పుడు లోపలి ద్రవం మెల్లగా విడిపోయి గ్యాసు పుడుతుంది. ఆ సంచీకి గాలి పోయే సందు ఉండదు, అందుకే ఉబ్బుతుంది.

అందుకని నీ ల్యాప్‌టాప్‌లో Lenovo Vantage తెరిచి Conservation Mode ఆన్ చేశాను. ఇకమీదట చార్జరు పెట్టినా 80 దగ్గర ఆగిపోతుంది. పాడైందని టెన్షన్ పడకు, నేనే ఆపాను.

మంచం మీద కూర్చుని చదువుకుంటావని నాకు తెలుసు. వద్దంటే వింటావా? అందుకే నీ పదో తరగతి పరీక్షల అట్ట పెట్టెలో అడుగున పెట్టాను. పరుపు మీద పెట్టుకోవాల్సి వస్తే ముందు అట్ట వేసి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టు.

ఫోన్‌ని దిండు కింద పెట్టి చార్జింగ్ పెట్టొద్దు. సాయంత్రం నువ్వు స్నానానికీ భోజనానికీ వెళ్ళే లోపు గట్టి బల్ల మీద పెట్టి చార్జి చేసుకో. రాత్రి తీసేసి పడుకో.

క్లాసుకి వెళ్ళేటప్పుడు ల్యాప్‌టాప్ మూత ఊరికే మూసి బ్యాగులో పెట్టకు. అది నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది కానీ లోపల ఏదో అప్‌డేట్‌కి మేలుకుంటుంది. బ్యాగులో గాలి ఉండదు, కాసేపటికి ఇస్త్రీపెట్టెలా కాలుతుంది. మూత మూస్తే పూర్తిగా Hibernate అయ్యేలా పెట్టాను.

నెలకోసారి చార్జిని సున్నా దాకా దించి, మళ్ళీ వంద దాకా ఎక్కించు. అప్పుడు బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటుంది.

నెలకోసారి ఇంకో పని కూడా చెయ్. ల్యాప్‌టాప్ మూసి, నున్నని బల్ల మీద పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కు. ఊగకూడదు. మూత సరిగ్గా పడాలి. టచ్‌ప్యాడ్ ఎప్పటిలా క్లిక్ అవ్వాలి. ఫోన్ అయితే పక్కనుంచి చూడు, స్క్రీన్ గానీ వెనక పలక గానీ సందు ఇచ్చిందేమో. వీటిలో ఏది తేడాగా ఉన్నా వెంటనే ఆఫ్ చేసి, చార్జరు తీసేసి, నాకు ఫోన్ చెయ్.

నాన్న

---

ఇదీ ఉత్తరం. చెప్పండి.

---

ప్లగ్ పాయింట్ | సోమవారం రాత్రి 10:05

బాగా రాశారు సార్. కానీ ఈ 80 గొడవ అనవసరం అనిపిస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు వంద అవ్వగానే చార్జింగ్ ఆపేసి నేరుగా కరెంటు మీద నడుస్తాయి. ఓవర్‌చార్జి అనేదే ఉండదు. నాది ఐదేళ్ళుగా ప్లగ్‌లోనే ఉంది, రోజూ పది గంటలు పని చేస్తాను. ఉబ్బలేదు, ఏమీ కాలేదు. అమ్మాయిని 80కి కట్టేస్తే పాపం ల్యాబ్‌లో అయిపోతుంది.

---

గోదారి గట్టు | సోమవారం రాత్రి 10:18

సార్ మీరు ఇన్వర్టర్ షాపు అన్నారు కదా, మా ఇంట్లో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది. మీరు చెప్పినట్టు 80 దగ్గర ఆపే సెట్టింగ్ మా ఇన్వర్టర్లో కనిపించడం లేదు. ఎక్కడుంటుంది? లేకపోతే రోజూ సాయంత్రం మెయిన్ ఆపెయ్యాలా?

---

ఒంగోలు బ్యాటరీ షాపు | సోమవారం రాత్రి 10:31

గోదారి గట్టు గారూ, దయచేసి అలా చేయకండి. మీది లెడ్ యాసిడ్. దాన్ని ఎప్పుడూ నిండుగానే ఉంచాలి, మెయిన్ ఆపొద్దు. డిస్టిల్డ్ వాటర్ లెవెల్ మాత్రం రెండు నెలలకోసారి చూసుకోండి. నేను 80 అన్నది లిథియం ఉన్న ల్యాప్‌టాప్, ఫోన్ల గురించి మాత్రమే. నేను భయపడింది సరిగ్గా ఇలాంటి కలగలుపు గురించే. ఉత్తరంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా రాస్తాను.

---

సర్వీస్ బెంచ్ | సోమవారం రాత్రి 11:12

సికింద్రాబాద్‌లో ల్యాప్‌టాప్ రిపేర్ చేస్తాను, పద్నాలుగేళ్ళయింది. ఉత్తరంలో ఒక్క పేరా తప్పించి మిగతాదంతా సరిగ్గా ఉంది అన్నా. ఆ పేరా గురించి చివర్లో చెబుతాను.

ముందు ప్లగ్ పాయింట్ గారి మాట. మీరు చెప్పిందాంట్లో సగం నిజం. వంద అవ్వగానే చార్జింగ్ ఆగిపోతుంది, ఓవర్‌చార్జి జరగదు. కానీ ఆగిపోయాక సెల్ ఎక్కడ ఉంటుందో చూడండి. సుమారు 4.2 వోల్టుల దగ్గర, కొన్నిట్లో ఇంకాస్త పైన, గంటల తరబడి అలాగే ఉంటుంది. ఆ పై వోల్టేజి దగ్గరే లోపలి రసాయనాలు మనకి అక్కర్లేని పనులు ఎక్కువ చేస్తాయి. 80 దగ్గర ఆపితే అది 4 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ సెల్‌కి అది చాలా ఊరట. చార్జర్ కట్ అయినంత మాత్రాన బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నట్టు కాదు.

మీ ల్యాప్‌టాప్ ఉబ్బలేదంటే కారణం మీరు ఎక్కడ వాడుతున్నారనేది కావచ్చు. ఏసీ గదిలో, బల్ల మీద అనుకుంటా? ఒక్క పని చేయండి. Command Prompt తెరిచి ఇది కొట్టండి.

```
powercfg /batteryreport
```

ఫైలు ఎక్కడ సేవ్ అయిందో ఆ కిందే చూపిస్తుంది. దాన్ని తెరిస్తే Installed batteries కింద DESIGN CAPACITY, FULL CHARGE CAPACITY అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది కంపెనీ చెప్పిన సామర్థ్యం. రెండోది ఇప్పుడు నిజంగా పట్టేది. ఆ రెండూ ఇక్కడ పెట్టండి.

---

ప్లగ్ పాయింట్ | మంగళవారం ఉదయం 7:50

పెట్టాను. డిజైన్ 50,000. ఫుల్ చార్జి 31,500. అంటే 63 శాతం. ఏసీ ఆఫీసు, బల్ల మీదే, నిజమే. ఇంత తగ్గిందని నాకు తెలియనే తెలియదు, ఎప్పుడూ ప్లగ్ తీయలేదు కాబట్టి. అయినా నాకు బ్యాటరీతో పని లేదు, కరెంటు పోతే పావుగంట నిలబడితే చాలు.

---

సర్వీస్ బెంచ్ | మంగళవారం ఉదయం 8:15

మీ వాడకానికి అది చాలు, నేను కాదనను. హాస్టల్ అమ్మాయికి మాత్రం మూడో ఏడు వచ్చేసరికి 63 అయితే ప్రాజెక్టు పనికి కష్టం.

---

ఫిజిక్స్ మాస్టారు | మంగళవారం ఉదయం 9:02

ఒక్క మాట. ఐదేళ్ళలో 37 శాతం పోయింది కదా, అందులో ఎంత వయసు వల్ల పోయింది, ఎంత వంద దగ్గర నిలబెట్టడం వల్ల పోయింది అని ఒక్క ల్యాప్‌టాప్ చూసి చెప్పలేం. లిథియం బ్యాటరీ వాడకుండా బీరువాలో పెట్టినా కొంత తగ్గుతుంది. 80 దగ్గర ఆపి ఉంటే ఈయనది 75 ఉండేదా, 85 ఉండేదా? అది ఈ ఒక్క కేసుతో తేలదు. దిశ మాత్రం సర్వీస్ బెంచ్ గారు చెప్పినదే. వేడి ఎక్కువైతే తొందరగా పోతుంది, నిండుగా ఉంటే తొందరగా పోతుంది, రెండూ కలిస్తే ఇంకా తొందరగా.

---

సర్వీస్ బెంచ్ | మంగళవారం ఉదయం 9:40

మాస్టారి మాటకి నాకు అభ్యంతరం లేదు. నా బెంచీ మీదికి వచ్చేవన్నీ పాడైనవే కాబట్టి నాకు కనపడేది ఒక వైపే.

ఇక అన్న ఉత్తరంలోని ఆ పేరా. "నెలకోసారి సున్నా దాకా దించి వంద దాకా ఎక్కించు" అనేది తీసేయండి. పాత సెల్‌ఫోన్లలో, కార్డ్‌లెస్ ఫోన్లలో నికెల్ క్యాడ్మియం సెల్స్ ఉండేవి, ఆ కాలం నాటి సలహా అది. లిథియంకి సున్నా దాకా దించడం వ్యాయామం కాదు, శ్రమ. దాని వల్ల ఆరోగ్యం పెరగదు.

అయితే ఈ సలహా ఇంకా ఎందుకు బతికుందంటే, ఒక సందర్భంలో అది పనికొస్తుంది. స్క్రీన్ మీద కనిపించే శాతం కొలిచిన అంకె కాదు, లోపలి చిప్ వేసే లెక్క. నెలల తరబడి 75కీ 80కీ మధ్యే తిరిగితే ఆ లెక్క గతి తప్పవచ్చు. 22 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ల్యాప్‌టాప్ ఆరిపోతే, అప్పుడు Conservation Mode తీసేసి ఒకసారి వంద దాకా ఎక్కించి, తర్వాత 5 శాతం దాకా మామూలుగా వాడి, మళ్ళీ ఆపకుండా వంద దాకా ఎక్కిస్తే లెక్క సర్దుకుంటుంది. బాగుపడేది ఆ లెక్క, బ్యాటరీ కాదు. తేడా కనిపించనంత వరకు దీని జోలికి వెళ్ళనక్కర్లేదు.

దీనికంటే ముఖ్యమైనది సెలవులు. దసరాకి ఇంటికొచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ గదిలో వదిలేస్తే సున్నాతో వదలొద్దని రాయండి. సున్నా దగ్గర వదిలేసింది రోజూ కొంచెం కొంచెం దిగుతూ పోతుంది. మరీ కిందికి పోతే లోపలి రక్షణ సర్క్యూట్ తలుపు మూసేస్తుంది, ఇక చార్జరు పెట్టినా స్పందించదు. సగం చార్జితో షట్‌డౌన్ చేసి, చల్లటి చోట పెట్టి రమ్మనండి.

---

ఒంగోలు బ్యాటరీ షాపు | మంగళవారం మధ్యాహ్నం 1:25

చాలా థాంక్స్ తమ్ముడూ. ఆ పేరా నా పాత మాటే. ట్యూబులర్ బ్యాటరీలకి కూడా మేము అప్పుడప్పుడు కొంత డిశ్చార్జి చేసి చూసుకుంటాం, ఆ అలవాటు చేతిలోకి వచ్చేసింది. కొట్టేస్తున్నాను.

మీరు చెప్పిన రిపోర్టు మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తీశాను. కొని పద్నాలుగు నెలలు. డిజైన్ 45,000, ఫుల్ చార్జి 41,400. అంటే 92 శాతం. CYCLE COUNT 71 అని ఉంది. నాకు ఇది వింతగా అనిపించింది. 71 సార్లు నిండా ఖాళీ చేసి నింపినంత వాడకానికే ఎనిమిది శాతం పోతుందా? ఇంటర్ రెండో ఏడంతా ఆన్‌లైన్ టెస్టుల కోసం డైనింగ్ టేబుల్ మీద చార్జరుతోనే ఉంది. వాడకం వల్ల కాక, అలా నిలబెట్టినందుకే పోయిందా?

---

సర్వీస్ బెంచ్ | మంగళవారం మధ్యాహ్నం 2:10

చాలావరకు అలాగే అనుకోవచ్చు. కానీ ఆ 8 మొత్తం నష్టమే అనుకోకండి. కొత్త పెట్టె విప్పిన రోజే కొన్ని 97 చూపిస్తాయి, కొన్ని 103 చూపిస్తాయి. మొదటి రోజు రిపోర్టు మన దగ్గర లేదు. ఇవాళ్టి ఫైలు దాచండి. ఆరు నెలలకోసారి అమ్మాయిని తీసి పంపమనండి. ఒక్క అంకె కంటే అంకెల వరుస ఎక్కువ చెబుతుంది. ఏడాదికి రెండు మూడు శాతం తగ్గితే కంగారు పడక్కర్లేదు. రెండు నెలల్లో పది పడితే చూపించాలి.

---

హన్మకొండ హాస్టల్ | మంగళవారం రాత్రి 8:33

నేను హన్మకొండలో ఉమెన్స్ హాస్టల్లో ఉంటాను, మూడో సంవత్సరం. అంకుల్, మీ ఉత్తరం మా నాన్న రాసినట్టే ఉంది. హాస్టల్ లోపల ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను.

మా గదిలో ముగ్గురం. గోడకి రెండు ప్లగ్ పాయింట్లు. ఒకటి తలుపు పక్కన, ఒకటి నా మంచం వెనక. అందరం నా ఎక్స్‌టెన్షన్ బోర్డే వాడతాం. మూడు ల్యాప్‌టాప్‌లు, మూడు ఫోన్లు ఒకేసారి పెడతాం. సాయంత్రం బల్ల మీద పెట్టి వెళ్ళు అన్నారు కానీ ఆ టైంలో బోర్డు ఖాళీ ఉండదు. అందుకే అందరూ రాత్రి పెడతారు, వైరు పొట్టిగా ఉండటంతో ఫోన్ మంచం మీదికే వస్తుంది. మీరు పొడుగు వైరు, రెండు మీటర్లది, ఇచ్చి పంపితే ఫోన్ కిటికీ గూట్లో పెట్టుకోవచ్చు. నాకు అదే చాలా పనికొచ్చింది.

80 గురించి కూడా. నా ల్యాప్‌టాప్ కొత్తలో నిండా చార్జితో ఐదు గంటలు వచ్చేది. 80కి పెడితే నాలుగు. మామూలు రోజు సరిపోతుంది. పొద్దున ల్యాబ్, మధ్యాహ్నం ల్యాబ్ ఉన్న రోజు చాలదు, ల్యాబ్‌లో మన ల్యాప్‌టాప్‌కి ప్లగ్ దొరకదు. అలాంటి రోజు నేను పొద్దున లేవగానే ఆ మోడ్ తీసేస్తాను. స్నానం, టిఫిన్ అయ్యేసరికి వంద అవుతుంది. రాత్రి వచ్చి మళ్ళీ పెట్టేస్తాను. ఎప్పుడు తీయాలో ఉత్తరంలో రాయకపోతే తను మొదటి వారమే విసుగొచ్చి మొత్తం తీసేస్తుంది.

---

ఒంగోలు బ్యాటరీ షాపు | మంగళవారం రాత్రి 9:05

అమ్మా, ఇది నాకు తట్టనే లేదు. రెండు మీటర్ల వైరు రేపే కొంటాను. ముందురోజు రాత్రి తీయకుండా పొద్దున తీయడమే మంచి పద్ధతి. వంద దగ్గర గంటసేపు ఉంటే ఏమీ కాదు, వెంటనే వాడేస్తున్నావు కాబట్టి. రాత్రంతా నిండుగా నిలబడితేనే ఇబ్బంది.

ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డు గురించి ఒక మాట. ల్యాప్‌టాప్ చార్జరు ఒక్కోటి 65 వాట్లే, ఫోన్లవి ఇంకా తక్కువ. ఆరూ కలిపినా బోర్డుకి బరువు కాదు. కానీ మీలో ఎవరైనా కెటిల్ గానీ ఇండక్షన్ స్టవ్ గానీ దానికే పెడుతున్నారా? అవి ఒక్కోటి 1,500 వాట్లు పైనే లాగుతాయి. బోర్డు ప్లగ్‌ని చేత్తో పట్టుకుని చూడు. గోరువెచ్చగా ఉన్నా, పిన్నుల చుట్టూ గోధుమరంగు మచ్చ ఉన్నా ఆ సాకెట్ వదులైపోయిందని అర్థం. వార్డెన్‌కి చెప్పి మార్పించండి.

---

హన్మకొండ హాస్టల్ | మంగళవారం రాత్రి 9:22

కెటిల్ ఉంది అంకుల్. మచ్చ కూడా ఉంది. ఇప్పుడే చూశాను. కెటిల్ తలుపు పక్క పాయింట్‌కి మార్చాం. రేపు చెబుతాం.

---

లక్ష్మీపురం అమ్మ | బుధవారం ఉదయం 6:40

నాకు వోల్టులూ వాట్లూ తెలియవు. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా అమ్మాయి పోయిన సంవత్సరం హాస్టల్లో ఉన్నప్పుడు ఫోన్‌ని దిండు కింద పెట్టుకునే పడుకునేది, పొద్దున అలారం కోసం. ఒకరోజు వెనక పలక ఒక పక్క లేచిందట. కవర్ వేసి నొక్కి పెట్టింది. మళ్ళీ లేస్తే రబ్బరు బ్యాండు చుట్టింది. రెండు వారాలు అలాగే వాడింది, మాకు చెప్పలేదు. కొని ఏడాది కాలేదు, నాన్న తిడతారు అని భయం. శనివారం బస్సులో ఇంటికి తెచ్చింది, జీన్స్ జేబులో పెట్టుకుని. చూసి నా గుండె ఆగినంత పనైంది. దేవుడి దయ, ఏమీ కాలేదు.

అన్నయ్యగారూ, మీ ఉత్తరంలో "ఫోన్ చెయ్" అని ఉంది. "తిట్టను" అని కూడా రాయండి. పిల్లలు వస్తువు పాడైతే దాచేది ఆ ఒక్క భయంతోనే.

---

సర్వీస్ బెంచ్ | బుధవారం ఉదయం 10:15

అమ్మా, రబ్బరు బ్యాండు మాట చదువుతుంటేనే భయమేసింది. ఉబ్బినదాన్ని నొక్కితే లోపల పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి. సూదితో పొడిచి గాలి తీద్దామని ప్రయత్నించిన వాళ్ళని కూడా చూశాను. అది నేరుగా మంటకి దారి.

అన్నా, ఉత్తరంలో "ఆఫ్ చేసి ఫోన్ చెయ్" తర్వాత ఇంకో నాలుగు ముక్కలు కావాలి. చార్జరు పెట్టకూడదు, నొక్కకూడదు, పొడవకూడదు, మూత బలవంతంగా మూయకూడదు. మంచం మీద, బట్టల బీరువాలో కాకుండా గచ్చు మీద, పక్కన కాగితాలూ బట్టలూ లేనిచోట పెట్టాలి. వార్డెన్‌కి చెప్పాలి. తియ్యటి ఘాటు వాసన గానీ, సెగ గానీ, చిటపట గానీ వస్తే దాన్ని ముట్టుకోకుండా గదిలోంచి అందరూ బయటికి రావాలి. ఉబ్బినదాన్ని రైల్లోనో బస్సులోనో ఇంటికి తేవద్దు. అక్కడే ఆ ఊరి సర్వీస్ సెంటర్లో బ్యాటరీ తీయించేయాలి. తీసిన దాన్ని చెత్తబుట్టలో వేయకుండా వాళ్ళకే అప్పగించాలి.

---

ప్లగ్ పాయింట్ | బుధవారం ఉదయం 11:00

ఇవన్నీ చదివాక నిన్న రాత్రి నా దాంట్లో కూడా 80 పెట్టాను. మాది ఆసుస్, MyASUS లో Battery Care Mode అని ఉంది. ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పేజీ తెరవలేదు.

ఒక ప్రశ్న. ఫోన్‌కి ఫాస్ట్ చార్జింగ్ ఆపేయాలా? మా తమ్ముడు ఆపెయ్యమంటాడు. అరగంటలో నిండితే బ్యాటరీకి దెబ్బ కదా అని.

---

ఫిజిక్స్ మాస్టారు | బుధవారం మధ్యాహ్నం 12:20

తొందరగా నింపితే ఎక్కువ వేడి పుడుతుంది, అంతవరకు నిజం. కానీ ఫోన్ నిండేకొద్దీ తనే వేగం తగ్గించుకుంటుంది, వేడెక్కినా తగ్గించుకుంటుంది. కవర్ తీసి గట్టి బల్ల మీద పెడితే నాకైతే భయం లేదు.

---

సర్వీస్ బెంచ్ | బుధవారం మధ్యాహ్నం 12:50

నేను రాత్రిపూట నెమ్మది చార్జరు, పగలు అవసరమైతే ఫాస్ట్ అంటాను. మేలో వరంగల్ మేడ మీది గదిలో స్లాబు సెగకి గదే 40 డిగ్రీలకి దగ్గర్లో ఉంటుంది. అప్పుడు ఫాస్ట్ వద్దు. దీంట్లో మాస్టారికీ నాకూ కొంచెం తేడా ఉంది, ఉండనివ్వండి.

---

ఒంగోలు బ్యాటరీ షాపు | శనివారం రాత్రి 10:50

ఉత్తరం మళ్ళీ రాశాను. సున్నా దాకా దించే పేరా లేదు. మార్చిన ముక్కలు ఇవి.

"రెండు ల్యాబ్‌లు ఉన్న రోజు పొద్దున లేవగానే Conservation Mode తీసేయ్, వెళ్ళే లోపు నిండుతుంది. రాత్రి గదికి రాగానే మళ్ళీ పెట్టు. పెట్టడం ఒక రోజు మర్చిపోతే ఏమీ కాదు, నెల రోజులు మర్చిపోకు.

సెలవులకి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ గదిలో వదిలితే సగం చార్జితో షట్‌డౌన్ చేసి, ఎండ పడని అరలో పెట్టు.

అలారం కోసం ఫోన్ దిండు కింద పెట్టుకోవద్దు. నీకు పొడుగు వైరు కొన్నాను, చిన్న అలారం గడియారం కూడా కొన్నాను. ఫోన్ కిటికీ గూట్లో ఉంటుంది, గడియారం నీ తలగడ పక్కన ఉంటుంది.

ఏది ఉబ్బినా, ఏది సందు ఇచ్చినా, ఎప్పుడు కొన్నదైనా సరే, ఆ నిమిషమే ఆపేసి గచ్చు మీద పెట్టి, వార్డెన్‌కి చెప్పి, నాకు చెప్పు. అర్ధరాత్రయినా సరే. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. నిన్ను ఒక్క మాట అనను. నువ్వు దాచావని తెలిస్తే మాత్రం బాధపడతాను."

ఇది చదివి వినిపిస్తుంటే వాళ్ళమ్మ చివరి వాక్యం తీసేయమంది. బాధపడతాను అంటే అదీ తిట్టినట్టే అంది. తీసేశాను.

రిపోర్టు ఫైలు నా దగ్గర దాచాను, 41,400. సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్ళీ తీస్తాం. అప్పుడు ఇక్కడ పెడతాను. పొద్దున ఆరింటికి స్టేషన్‌కి బయల్దేరాలి.